ఆందోళన అంటే ఏ ఆందోళన?

ప్రశ్నావళి రాయడం ఇంత తేలికా అనిపించిన రోజు ఒకటి ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చుని, టీ వేళకల్లా 18 ప్రశ్నలు రాసేశాను. ఆందోళనను కొలవడానికి. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు ప్రతిరోజూ. వాటికి వరుసగా 0, 1, 2, 3 మార్కులు. అన్నీ కలిపితే 54. కాగితం చూడటానికి ముచ్చటగా ఉంది. సరిగ్గా అప్పుడే మా పిన్ని వచ్చింది. అంగన్‌వాడీ టీచరుగా ఇరవై ఏళ్లు దాటిన మనిషి. మొదటి ప్రశ్న చదివి వినిపించాను: “గత రెండు వారాల్లో మీరు ఎన్ని రోజులు ఆందోళనలో ఉన్నారు?”

“ఒక్కరోజేనమ్మా. మొన్న కలెక్టరేట్ దగ్గర కూర్చున్నాం కదా” అంది.

ఆవిడ దగ్గర పెన్ను ఉండి, నేను పక్కన లేకపోయి ఉంటే, ‘కొన్ని రోజులు’ అన్న గడిలో టిక్కు పడేది. నేను 1 మార్కు వేసుకునేదాన్ని. ఆ 1, మిగతా 17 ప్రశ్నల మార్కులతో కలిసిపోయి ఎక్కడా కనిపించకుండా పోయేది. ఈ వ్యాసం ఆ ఒక్క మార్కు గురించే.

కొలత దేన్ని కొలవాలో దాన్నే కొలవడాన్ని ఇంగ్లీషులో వాలిడిటీ అంటారు, మన బీఎడ్ పుస్తకాల్లో సప్రమాణత. డీఎస్సీకి చదివిన వాళ్లకు నిర్వచనమూ, దాని కింద రకాల జాబితా నోటికి వస్తాయి. ఆ నిర్వచనంతో నాకు పేచీ ఉంది. అది సప్రమాణతను పరీక్షకు అంటుకుని ఉండే గుణంలా చూపిస్తుంది, నగకు హాల్‌మార్క్ ఉన్నట్టు. నిజానికి ప్రమాణం కావలసింది కాగితానికి కాదు. కాగితం మీద వచ్చిన అంకెను చూసి మనం అనే మాటకు. “ఈమెకు 31 వచ్చింది” అంటే ఎవరూ కాదనలేరు, కూడిక తప్పితే తప్ప. కానీ మనం అక్కడ ఆగం. “ఆందోళన అనే దాని అన్ని ముఖాలనూ అడిగి చూశాం” అంటాం. “ఈమెను డాక్టరు చూడాలి” అంటాం. “ఈమెది కుంగుబాటు కాదు, ఆందోళనే” అంటాం. ఈ మూడు మాటలకూ మూడు రకాల సాక్ష్యం కావాలి. కంటెంట్, క్రైటీరియన్, కన్‌స్ట్రక్ట్ అని పిలిచేవి ఆ సాక్ష్యాలనే.

మొదటిదాంతో మొదలుపెడతాను, ఎందుకంటే నా కాగితం పరువు పోయింది అక్కడే. పిన్ని వెళ్లాక 18 ప్రశ్నలనూ కత్తిరించి, మంచం మీద కుప్పలుగా పేర్చాను. ఒళ్లు చెప్పే లక్షణాలు ఒక కుప్ప: గుండె దడ, గొంతు ఎండిపోవడం, చేతులు వణకడం, కడుపులో తిప్పడం, చెమటలు. ఆగని ఆలోచనలు మరో కుప్ప. నిద్ర, చిరాకు, పనిమీద మనసు నిలవకపోవడం ఇంకొకటి. భయపడిన వాటినుంచి తప్పుకు తిరగడం నాలుగోది. మొదటి కుప్పలో 11 కాగితాలు పడ్డాయి, రెండో దాంట్లో 4, మూడో దాంట్లో 3. నాలుగో చోట ఖాళీ మంచం.

ఇలా ఎందుకయిందో ఆలోచిస్తే కారణం నా భాషలోనే ఉంది. ఒంట్లో జరిగేదానికి తెలుగులో మాటలు చేతికి అందేంత దగ్గరగా ఉన్నాయి. రాసే చెయ్యి అటే పోతుంది. అయితే గుండె దడ, చెమటలు, వణుకు థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వస్తాయి. నెలసరి ఆగే వయసులో దడ, చెమటలు మామూలే. రక్తహీనతలోనూ దడ ఉంటుంది. 11 ప్రశ్నలు ఒళ్లు గురించే అడిగే ప్రశ్నావళిలో అలాంటి మనిషి ఏ బెదురూ లేకుండానే 25 మార్కులు తెచ్చుకోగలదు. మరోవైపు, ఫోను మోగితే ఎత్తని మనిషి, నలుగురిలో కూర్చోవాలంటే భయపడి పెళ్లిళ్లకే వెళ్లడం మానేసిన మనిషి, నా కాగితం మీద ఆరోగ్యంగా కనిపిస్తాడు. పెళ్లికే వెళ్లనివాడికి పెళ్లిలో గుండె దడ రాదు కదా.

కాబట్టి ప్రశ్నలు రాసే ముందే పటం గీయాలి: ఏ ముఖాలు ఉన్నాయి, ఒక్కోదానికి ఎన్ని ప్రశ్నలు, ఏ కాలవ్యవధి. నేను ఆ పని వెనకనుంచి ముందుకు చేశాను. ఎక్కువమంది చేసేదీ అదేనని నా అనుమానం. తరువాత నిపుణులకు చూపించాలి. దీనికి 1975లో లాషే ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. ప్రతి ప్రశ్నకూ నిపుణులు ‘ఇది తప్పనిసరి’ అవునో కాదో చెబుతారు. అవునన్నవారి సంఖ్యలోనుంచి మొత్తంలో సగాన్ని తీసేసి, ఆ సగంతోనే భాగిస్తారు. పదిమందిలో 9 మంది అవునంటే 4ను 5తో భాగించగా 0.8. పదిమంది ఉన్నప్పుడు కనీసం 0.62 రావాలి. 8 మంది అవునంటే వచ్చేది 0.6 కాబట్టి ఆ ప్రశ్న పోతుంది. పద్ధతి సులువుగా, శుభ్రంగా ఉంటుంది.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఈ లెక్క బల్లమీద పెట్టిన వాటినే తూస్తుంది. లేని ప్రశ్నకు మార్కు ఉండదు. నా నాలుగో కుప్ప ఖాళీ సంగతి ఈ అంకె ఎప్పటికీ చెప్పదు. 18 ప్రశ్నలూ 0.8 దాటి, పటంలో పావు వంతు మాయమై ఉండవచ్చు. అందుకే నిపుణులకు ప్రశ్నల జాబితా ఇచ్చే ముందు పటం ఇచ్చి, “ఇందులో ఏం లేదు?” అని అడగాలి. రెండో చిక్కు ఇంకా లోతుది. నిపుణులు ‘ఆందోళన’ అన్న మాట చదవగానే వాళ్ల తలలో ఇంగ్లీషు మాట వెలుగుతుంది. పదిమంది ప్రొఫెసర్లు చూసినా ధర్నా గుర్తుకురాదు. అది గుర్తుకొచ్చేది పిన్నికే.

అందుకని మరుసటి వారం చేసిన పని: తెలిసినవాళ్లను ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, జవాబు అడగకుండా “దీంట్లో మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అని అడిగాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, ప్రశ్నావళులు రాసేవాళ్లు ఎప్పటినుంచో చేసేదే. అప్పుడు తెలిసింది, నేను ఒకదానికొకటి పర్యాయపదాలనుకుని అటూ ఇటూ వాడేసిన మాటలు పర్యాయపదాలు కావని. కంగారు అంటే అప్పటికప్పుడు పుట్టి పోయేది. బస్సు కదిలిపోతుంటే పడేది. “రెండు వారాలుగా కంగారుగా ఉంది” అంటే వినేవాళ్లకే ఎబ్బెట్టుగా ఉంది. బెంగ అంటే ఎవరో దూరమవడం. హాస్టల్లో చేరిన పిల్లవాడికి ఉండేది. టెన్షన్ అందరూ వాడతారు, పొలంలో ఉన్న మనిషి కూడా. కానీ టెన్షన్‌కు ఎప్పుడూ బయట ఒక కారణం వేలాడుతూ ఉంటుంది: పెళ్లి టెన్షన్, పరీక్షల టెన్షన్, అప్పుల టెన్షన్. కారణం లేకుండా టెన్షన్ అంటే, “దేనికి?” అనే ఎదురు ప్రశ్న వస్తుంది. ఇక దిగులు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను, నా కాగితాన్ని రెండోసారి ముంచింది అదే.

చివరికి నామవాచకాలను వదిలేసి జరిగేదాన్నే రాశాను. “ఏం జరుగుతుందోనన్న ఆలోచనలు వద్దనుకున్నా ఆగకుండా వస్తున్నాయా?” పొడుగైంది. కానీ ధర్నా పోయింది.

రెండో మాట: “ఈమెను డాక్టరు చూడాలి.” దీనికి ప్రశ్నావళి బయట ఒక గీటురాయి కావాలి. ఇక్కడ కళ్లముందు పెట్టుకోదగిన ఉదాహరణ జీఏడీ-7. స్పిట్జర్, క్రోంకె, విలియమ్స్, లోవె 2006లో ప్రచురించిన, ఆందోళనను కొలిచే ఏడు ప్రశ్నల చిన్న కాగితం, మొత్తం 21 మార్కులు. అమెరికాలో 15 ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చిన 2,740 మందికి ఇచ్చారు. వారిలో 965 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు వారం లోపు ఫోనులో మాట్లాడి, రుగ్మత ఉందో లేదో తేల్చారు. 10 మార్కుల దగ్గర గీత గీస్తే, రుగ్మత ఉన్నవారిలో నూటికి 89 మంది గీత పైన పడ్డారు, లేనివారిలో నూటికి 82 మంది కింద పడ్డారు.

ఇందులో నాకు నచ్చేది అంకెలు కాదు, ఆ ఫోను. గీటురాయి ప్రశ్నావళి బయట ఉండాలి. తేల్చే మనిషికి స్కోరు తెలియకూడదు. తెలిస్తే, 31 అని చూసిన డాక్టరుకు ప్రతి నిట్టూర్పూ లక్షణంలాగే వినిపిస్తుంది. అప్పుడు మన కాగితం తన మార్కులు తనే వేసుకున్నట్టు. సులువైన దారి ఒకటుంది: మన కొత్త కాగితంతోపాటు పాత కాగితం ఒకటి ఇచ్చి, రెండు స్కోర్లూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధం 0.7 వచ్చిందని రాసి, దాన్నే క్రైటీరియన్ సప్రమాణత అనడం. ఒకే మనిషి, ఒకే కుర్చీలో, ఒకే పెన్నుతో ఒకే రకం గడులు రెండుసార్లు నింపాడు. ఆ రెండూ కలవడం పనికిరాని సాక్ష్యం అనను. కానీ అది గీటురాయి కాదు, తోటి సాక్షి.

గీత ఎక్కడ గీయాలో తేలాక కూడా ఒక ఉచ్చు ఉంది. నా ప్రశ్నావళికి రెండు వైపులా నూటికి 80 వచ్చిందనుకుందాం. మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చిన 100 మందిలో నిజంగా రుగ్మత ఉన్నవారు 40 మంది అనుకుంటే, వారిలో 32 మంది గీత పైన పడతారు. రుగ్మత లేని 60 మందిలో 12 మంది పొరపాటున పడతారు. గీత దాటిన 44 మందిలో 32 మందివి నిజమైన కేసులు. ఇక ఇదే కాగితాన్ని ఒక కాలేజీలో 1,000 మందికి ఇద్దాం, వారిలో 50 మందికే రుగ్మత ఉందనుకుందాం. 40 మంది దొరుకుతారు. లేని 950 మందిలో 190 మంది కూడా దొరుకుతారు. గీత దాటిన 230 మందిలో దాదాపు ప్రతి ఆరుగురిలో అయిదుగురు పొరపాటున వచ్చినవారే. ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు, గీత కదలలేదు. “ఈమెను డాక్టరు చూడాలి” అన్న మాటకున్న బలం మాత్రం ఆసుపత్రినుంచి కాలేజీకి వచ్చేసరికి కరిగిపోయింది. సప్రమాణత కాగితంలో ఉండదని నేను మొండిగా అనేది ఇందుకే. “ఈ ప్రశ్నావళి వాలిడేట్ అయింది” అని ఎవరైనా అంటే, ఎవరిమీద, ఏ మాట అనడానికి అని అడగకుండా ఉండలేను.

గీటురాయి భవిష్యత్తులో కూడా ఉండవచ్చు: ఈరోజు స్కోరు, ఆరు నెలల తరువాత ఎవరు చికిత్సకు వచ్చారు అన్నది. తర్కం అదే, ఖర్చే ఎక్కువ.

అయితే డాక్టరు తీర్పు మాత్రం తప్పులేనిదా? డాక్టరు కూడా అడిగి తెలుసుకునేవాడే. ఆందోళనకు రక్తపరీక్ష లేదు. ఇక్కడే 1955లో క్రోన్‌బాక్, మీల్ రాసిన పత్రం గుర్తుకొస్తుంది. కొలవదలచిన దాన్ని పూర్తిగా పట్టివ్వగల ఒకే గీటురాయి లేనప్పుడు ఏం చేయాలన్నదే వాళ్ల ప్రశ్న. కన్‌స్ట్రక్ట్ సప్రమాణత అన్న మాట అక్కడే నిలదొక్కుకుంది. వాళ్ల జవాబు క్లుప్తంగా: ఆ గుణం గురించి మీకొక సిద్ధాంతం ఉండాలి. అది నిజమైతే మీ స్కోరు దేనితో కలిసి నడవాలి, దేనితో నడవకూడదు, ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అన్నది ముందే చెప్పి, చూడాలి. తప్పితే కాగితమైనా తప్పు, సిద్ధాంతమైనా తప్పు.

ఆందోళనకు ఇక్కడ అసలు పరీక్ష పెట్టేది పక్కింటి కుంగుబాటు. జీఏడీ-7 పత్రంలోనే ఒక అంకె ఉంది, దాన్ని చాలామంది చూసీ చూడనట్టు దాటిపోతారు. ఆ స్కోరుకు బెక్ ఆందోళన ప్రశ్నావళితో సహసంబంధం 0.72, కుంగుబాటును కొలిచే ప్రశ్నావళితో 0.75. తన సొంత చుట్టంతో కంటే పక్కింటివాళ్లతోనే కాస్త ఎక్కువ చనువు. రచయితలు దీన్ని దాచలేదు. ఏ ప్రశ్నలు ఏ ప్రశ్నలతో గుంపు కడతాయో చూసే కారకాల విశ్లేషణలో రెండూ వేర్వేరుగానే నిలిచాయని చూపించారు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసిన ప్రతిసారీ నాకు వినయం వస్తుంది.

అంత సహసంబంధం రెండు జబ్బులూ నిజంగా కలిసి ఉండటంవల్ల వచ్చిందా, రెండూ ఒకే రకం కాగితాలు కావడంవల్ల వచ్చిందా? దీన్ని విడదీయడానికి కాంప్‌బెల్, ఫిస్క్ 1959లో ఒక పట్టిక చెప్పారు. రెండు గుణాలను రెండు పద్ధతుల్లో కొలవాలి. నా ప్రశ్నావళికి ఊహా అంకెలతో చూద్దాం. నా కాగితం చెప్పిన ఆందోళనకూ, ఇంటర్వ్యూ చేసిన మనిషి అంచనా వేసిన ఆందోళనకూ 0.55. నా కాగితం ఆందోళనకూ, కాగితం మీదే కొలిచిన కుంగుబాటుకూ 0.70. ఒకే గుణం రెండు పద్ధతుల్లో కలిసిన దానికంటే, వేర్వేరు గుణాలు ఒకే పద్ధతిలో ఎక్కువ కలిశాయి. అంటే నా స్కోరులో ఆందోళన వాటా కంటే కాగితం వాటా, ‘ఈరోజు మనసు బాగాలేదు, అన్నిటికీ మూడో గడే’ అన్న వాటా, ఎక్కువగా ఉందని అనుమానించాలి. మొదటి అంకె రెండోదాన్ని దాటాలి. దాటకపోతే “కుంగుబాటు కాదు, ఆందోళనే” అనే హక్కు నాకు లేదు.

అనుమానం వచ్చాక ఒక్కో ప్రశ్నను విడిగా చూడాలి. ఇప్పుడు దిగులు దగ్గరికి. నా కాగితంలో రెండు ప్రశ్నల్లో ఆ మాట ఉంది. “రేపు ఏమవుతుందోనని దిగులు” అంటే ముందుకు చూసే భయం. “ఎందుకో దిగులుగా ఉంది” అంటే ముసురు పట్టిన విచారం, కుంగుబాటు గుమ్మం. ఒకే మాటకు రెండు ముఖాలు. నేను మాట్లాడించిన వాళ్లలో ఎక్కువమంది దిగులును రెండో అర్థంలోనే చెప్పారు. ఆ రెండు ప్రశ్నలూ ఆందోళన పేరుతో కుంగుబాటుకు మార్కులు వేస్తున్నాయన్నమాట. తీసేశాను.

అలా తీసేస్తూ పోతే ఎక్కడ ఆగాలి? నిద్ర పట్టకపోవడం కుంగుబాటులోనూ ఉంటుంది, తీసేద్దామా? చిరాకు? మనసు నిలవకపోవడం? కుంగుబాటుతో పంచుకునే ప్రతిదాన్నీ తీసేస్తే మిగిలేది మళ్లీ గుండె దడ, వణుకు, చెమటే. ఇది ఊహ కాదు. 1988లో వచ్చిన బెక్ ఆందోళన ప్రశ్నావళిని కుంగుబాటుతో కలగాపులగం తగ్గాలనే ఉద్దేశంతోనే తయారుచేశారు. దాని 21 ప్రశ్నలు ఎక్కువగా ఒళ్లువైపే ఒరిగాయి, అది ఆందోళన కంటే ఉన్నట్టుండి ముంచెత్తే భయాన్ని, అంటే పానిక్‌ను, ఎక్కువగా కొలుస్తోందన్న విమర్శ వచ్చింది. ఒక సాక్ష్యాన్ని బాగుచేయబోతే ఇంకొక సాక్ష్యం దెబ్బతిన్నది. క్లార్క్, వాట్సన్ 1991లో చెప్పిన నమూనా ప్రకారం ఆందోళనకూ కుంగుబాటుకూ ఉమ్మడి బాధ ఒకటి ఉంది. శారీరక ఉద్రేకం ఆందోళనకు ప్రత్యేకం, దేనిమీదా ఆనందం లేకపోవడం కుంగుబాటుకు ప్రత్యేకం. అది నిజమైతే రెండింటి సహసంబంధం సున్నా కావాలని కోరడమే తప్పు. 0.75 ఎక్కువా తక్కువా అన్నది అంకె చెప్పదు, మనం నమ్మే సిద్ధాంతం చెబుతుంది. థీసిస్‌లలో ఈ మూడు రకాలనూ మూడు ఉపశీర్షికల కింద, మూడు పట్టికల్లో, ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా పెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. 1989లో మెసిక్ వాదించింది కూడా, ఇవి వేర్వేరు సప్రమాణతలు కావు, ఒకే వాదనకు వేర్వేరు ఆధారాలు అనే.

విశ్లేషణలో ఇంకో దయ్యం ఎదురవుతుంది, చెప్పి ముందుకు పోతాను. జవాబులు గుడ్డిగా టిక్కు పెట్టకుండా ఉండాలని నాలుగు ప్రశ్నలు తిరగేసి రాశాను, “నాకు ఏ భయమూ లేదు” లాంటివి. దానికి జవాబు ‘అసలు లేదు’. భయం లేదా, భయం లేకపోవడం లేదా? తెలుగులో రెండు ‘లేదు’లు ఎదురెదురుగా నిలబడితే చదువుకున్నవాళ్లే ఆగిపోతున్నారు. ఇలాంటి ప్రశ్నలు విశ్లేషణలో విడిగా ఒక గుంపు కడితే, ‘ఆందోళనలో కొత్త పార్శ్వం దొరికింది’ అని సంబరపడకూడదు. దొరికింది వ్యాకరణం. అలాగే గుండె దడ గురించి మూడు ప్రశ్నలు మూడు రకాలుగా అడిగితే అవి ఒకదానితో ఒకటి చక్కగా కలిసి, ఆల్ఫా గుణకం 0.9 చూపిస్తుంది. అది విశ్వసనీయత. ఒకే అబద్ధాన్ని మూడుసార్లు తడబడకుండా చెప్పినా అదే అంకె వస్తుంది.

ఇప్పుడు నా కాగితంలో 14 ప్రశ్నలు ఉన్నాయి. ఒళ్లు గురించి 4, ఆలోచనల గురించి 4, తప్పుకు తిరగడం గురించి 3, నిద్ర, చిరాకు, ఏకాగ్రత గురించి ఒక్కొక్కటి. పోయిన ఆదివారం పిన్నికి మళ్లీ ఇచ్చాను, ఈసారి పెన్ను కూడా. కళ్లజోడు సరిచేసుకుని మెల్లగా పూర్తిచేసింది. “చెడు ఏదో జరుగుతుందేమోనన్న భయం” దగ్గర ‘దాదాపు ప్రతిరోజూ’ మీద టిక్కు పెట్టింది. 3 మార్కులు. మాట అర్థమైందా అని అడిగాను.

“అర్థం కాకపోవడమేమిటి? మా వాడు రాత్రి రెండింటిదాకా బండి మీద తిండి పార్సిళ్లు ఇస్తాడు కదా హైదరాబాదులో. వాడు గదికి చేరి ఫోను చేసేదాకా నాకు నిద్ర ఉండదు. చేశాక పడుకుంటాను.”

ప్రశ్న సరిగ్గానే చేరింది, జవాబు నిజాయితీగానే వచ్చింది. ఆ 3 ఆవిడ మనసు గురించి చెబుతోందా, హైదరాబాదు రోడ్ల గురించి చెబుతోందా అన్నది నా పటంలో లేదు. ఫోను రాగానే భయం ఆగుతుందా, వచ్చాక కూడా ఆగదా అని అడిగే ప్రశ్న ఒకటి రాసి, దాన్ని పదిహేనోదిగా పెట్టాను. వచ్చే వారం రాత్రి షిఫ్టుల్లో పిల్లలున్న మరో నలుగురు తల్లులతో చదివించాలి.